నిండిన ఏళ్లు, మిగిలిన నెలలు

కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతిలో చేరాలంటే ఆ విద్యాసంవత్సరం మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండి ఉండాలి. ఇంతకన్నా సులువైన నిబంధన ఉండదనిపిస్తుంది. బడి ఆఫీసులో గుమాస్తా ముందు ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. B కాలమ్‌లో పిల్లల పుట్టినతేదీలు, D1 సెల్‌లో 31-03-2023. C కాలమ్‌లో ప్రతి పేరుకూ ఎదురుగా 'ఇన్ని ఏళ్లు, ఇన్ని నెలలు' అని రావాలి. ఫార్ములా మొదటి సెల్‌లో రాసి కిందికి లాగితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ ఫార్ములా ఏదన్న దాన్ని బట్టి కొందరు పిల్లలకు సీటు దక్కుతుంది, కొందరికి ఒక ఏడాది పోతుంది.

మార్చి 31న పుట్టిన ఒక పాపను తీసుకుందాం. పుట్టినతేది 31-03-2017. 31-03-2023 నాటికి పాపకు సరిగ్గా ఆరేళ్లు నిండాయి. చిన్నపిల్లలైనా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలరు. కానీ ఆఫీసుల్లో తరచుగా కనిపించే ఫార్ములా ఇది:

```
=INT(($D$1-B2)/365.25)
```

పాప వయసు దీని ప్రకారం 5. ఎందుకో తెలియాలంటే ఆ సెల్‌లో నిజంగా ఏముందో చూడాలి.

సెల్‌లో కనిపించే 31-03-2017 పైకి వేసిన వేషం. లోపల ఉన్నది 42825 అనే అంకె. ఎక్సెల్ 1900 జనవరి 1ని 1గా పెట్టుకుని, అక్కడినుంచి రోజుకొకటి చొప్పున లెక్కపెట్టుకుంటూ వచ్చింది. సెల్ ఫార్మాట్‌ను 'జనరల్'కు మారిస్తే ఆ అంకె బయటపడుతుంది. 31-03-2023కు లోపలి అంకె 45016. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే 2191 రోజులు. ఈ ఆరేళ్లలో వచ్చిన ఫిబ్రవరి 29 ఒక్కటే, 2020లోది. కాబట్టి ఆరు 365లు, ఇంకొక రోజు. మరి 365.25ను ఆరుతో గుణిస్తే ఎంత? 2191.5. పాప దగ్గర అరరోజు తక్కువైంది. భాగహారం 5.9986 అని చూపింది, INT ఆ దశాంశాల్ని కోసేసింది, ఆరు కాస్తా ఐదయింది.

మరుసటి ఏడు అదే షీటులో, అదే ఫార్ములాతో, 31-03-2018న పుట్టిన బాబు వయసు 31-03-2024 నాటికి 6 అనే వస్తుంది. ఈసారి మధ్యలో 2020, 2024 ఫిబ్రవరి 29లు రెండూ పడ్డాయి, 2192 రోజులయ్యాయి. ఒక ఏడాది తప్పు చెప్పి మరో ఏడాది ఒప్పు చెప్పే ఫార్ములాను పట్టుకోవడం కష్టం. పరీక్షించి చూసినవారికి ఒప్పు కనిపిస్తే నమ్మకం కుదిరిపోతుంది. వరసలో వంద పేర్లుంటే తొంభై తొమ్మిదింటికి అది సరిగానే పనిచేస్తుంది. కచ్చితంగా గీత మీద నిలబడ్డ బిడ్డ దగ్గరే తడబడుతుంది. వయోపరిమితి పెట్టేదేమో ఆ గీత మీద ఉన్నవాళ్లను తేల్చడానికే.

365తో భాగిస్తే తప్పు అటువైపు కాకుండా ఇటువైపు వస్తుంది. 10-07-1965న పుట్టినవారికి 2025 జులై 10న అరవై నిండుతాయి. ఆ అరవై ఏళ్లలో పదిహేను ఫిబ్రవరి 29లు ఉన్నాయి. అంచేత 365 పెట్టిన షీటు పదిహేను రోజులు ముందే, జూన్ 25ననే, అరవై వచ్చేశాయంటుంది.

అసలు తప్పు 365 దగ్గరా లేదు, 365.25 దగ్గరా లేదు. వయసును రోజుల రాశిగా తీసుకుని భాగించబోవడమే తప్పు. వయసంటే దాటివచ్చిన పుట్టినరోజుల సంఖ్య. దారిలో మైలురాళ్లను లెక్కపెట్టినట్టు వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి తప్ప, మొత్తం దూరాన్ని సగటు దూరంతో భాగించి రాళ్లెన్నో ఊహించకూడదు. ఏడాది పొడవు మారుతూ ఉంటుంది, నెల పొడవు ఇంకా ఎక్కువ మారుతుంది. పుట్టినరోజు మాత్రం తేదీకి కట్టుబడి ఉంటుంది.

చేత్తో చేసే లెక్క ఇదే దారిలో నడుస్తుంది. 17-11-2016న పుట్టిన బాబు వయసు 31-03-2023 నాటికి ఎంత? ముందు సంవత్సరాలు తీసేస్తాం: ఏడు. ఏడేళ్లంటే 84 నెలలు. తర్వాత నెలలు: మూడో నెలలోంచి పదకొండో నెల పోదు, ఎనిమిది తక్కువ. 84లోంచి 8 తీసేస్తే 76. ఇక రోజులు: 31వ తేది 17వ తేదీని దాటింది కాబట్టి 76వ నెల నిండినట్టే. 76ను 12తో భాగిస్తే 6, శేషం 4. బాబుకు ఆరేళ్ల నాలుగు నెలలు. అదే మార్చి 10 నాటికి అడిగి ఉంటే, 10వ తేది 17ను చేరలేదు కాబట్టి చివరి నెల ఇంకా నిండలేదు. ఒకటి తగ్గించి 75 అనాలి, అంటే ఆరేళ్ల మూడు నెలలు. ఈ పద్ధతిలో 365 అన్న మాటే రాలేదు. ఎక్సెల్‌కు దీన్ని ఉన్నదున్నట్టు చెప్పవచ్చు:

```
=(YEAR($D$1)-YEAR(B2))*12+MONTH($D$1)-MONTH(B2)-(DAY($D$1)<DAY(B2))
```

చివరి కుండలీకరణంలో ఉన్నది ఒక ప్రశ్న. 'గడువు తేదీలోని రోజు పుట్టినరోజు కంటే చిన్నదా?' అవునంటే దాని విలువ 1, కాదంటే 0. చేత్తో చేసేటప్పుడు 'ఒకటి తగ్గించాలా వద్దా' అని ఆలోచించిన చోటు అదే.

ఇంత పొడుగు రాయనక్కర్లేకుండా ఎక్సెల్‌లో ఒక ఫంక్షన్ ఉంది. దాని కథ కాస్త చిత్రమైనది. DATEDIF అనే ఈ ఫంక్షన్‌ను లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ నుంచి వచ్చే ఫైళ్లు చెడిపోకుండా ఉండాలని ఎక్సెల్‌లో ఉంచారు. సెల్‌లో =DATE అని కొట్టగానే కిందికి జారే జాబితాలో ఇది కనిపించదు. తెలిసినవాళ్లు పూర్తిగా కొడితేనే పనిచేస్తుంది. అందుకే ఏళ్ల తరబడి ఎక్సెల్ వాడినవారిలోనూ దీని పేరు విననివారు చాలామంది ఉన్నారు. గూగుల్ షీట్స్‌లోనూ, లిబ్రేఆఫీస్‌లోనూ ఇది ఉంది.

```
=DATEDIF(B2,$D$1,"Y")&" ఏళ్లు "&DATEDIF(B2,$D$1,"YM")&" నెలలు"
```

"Y" నిండిన ఏళ్లను ఇస్తుంది. "YM" ఆ ఏళ్లను పక్కన పెట్టి మిగిలిన నిండు నెలలను ఇస్తుంది. 31-03-2017న పుట్టిన పాపకు '6 ఏళ్లు 0 నెలలు', నవంబరు బాబుకు '6 ఏళ్లు 4 నెలలు' వస్తాయి. పుట్టినతేది ముందు, గడువు తేది తర్వాత రాయాలి. తారుమారైతే #NUM! అంటుంది. ఈ ఫార్ములా ఇచ్చేది వాక్యం, అంకె కాదు. వయసు ప్రకారం వరస పేర్చమంటే '10 ఏళ్లు' వచ్చి '6 ఏళ్లు' కంటే ముందు కూర్చుంటుంది. పేర్చాలన్నా పోల్చాలన్నా పక్కన మరో కాలమ్‌లో "M"తో మొత్తం నెలలను ఉంచుకుని దాన్నే వాడాలి.

కొందరు రోజులు కూడా కావాలని "MD" అనే మూడో ముక్కను తగిలిస్తారు. దానికి దూరంగా ఉండటం మంచిది. 31-01-2023 నుంచి 01-03-2023 వరకు "MD" అడిగితే ఎక్సెల్ −2 రోజులు అని చెప్పగలదు. దీన్ని వాడవద్దని మైక్రోసాఫ్టే తన సహాయ పుటలో హెచ్చరించింది.

గడువు తేది స్థానంలో TODAY() పెట్టే అలవాటు గురించి కూడా చెప్పుకోవాలి. రోజూ మారే వయసు ఆసుపత్రి చీటీకి కావాలి. ప్రవేశాల జాబితాకు మాత్రం అది చేటు. ఏప్రిల్‌లో తయారుచేసిన షీటును జూన్‌లో ఎవరైనా తెరిస్తే అందరి వయసులూ రెండు నెలలు పెరిగి ఉంటాయి. అప్పుడు తిరస్కరించిన బిడ్డ ఇప్పుడు అర్హుడిగా కనిపిస్తాడు, ఎందుకు తిరస్కరించారో ఎవరూ చెప్పలేరు. గడువు తేది ఒక సెల్‌లో అందరికీ కనిపించేలా ఉండాలి, ఫార్ములా దాన్నే చూడాలి.

ఇక నెలాఖరుల సంగతి. 31-08-2019న పుట్టిన బిడ్డకు 30-09-2025 నాటికి ఎన్ని నెలలు? సెప్టెంబరులో 31 లేదు. 30వ తేది 31ని చేరలేదు కాబట్టి DATEDIF ఆరేళ్ల సున్నా నెలలంటుంది. పుట్టినతేదీకి నెలలు కలిపే EDATE ఫంక్షన్‌ను అడిగితే 73 నెలలు కలిపి 30-09-2025 అంటుంది, అంటే ఆరేళ్ల ఒక నెల నిండినట్టు. రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కనే ఉన్నాయి, రెండూ వేరువేరు జవాబులిస్తున్నాయి. ఒకటి తేది దాటాలంటుంది, మరొకటి నెలాఖరును నెలాఖరుతో సరిపెడుతుంది. 29-02-2004న పుట్టినవారి విషయంలో ఈ తేడా ఏళ్లకు కూడా పాకుతుంది. DATEDIF ప్రకారం వారికి పద్దెనిమిది నిండేది 01-03-2022న, EDATE ప్రకారం 28-02-2022న. ఇందులో ఏది ఒప్పు అన్నది గణితం తేల్చదు, వయసు అడిగిన నిబంధన తేల్చాలి.

నిబంధన మాట వచ్చింది కాబట్టి అందరికన్నా ఎక్కువ చిక్కులో పడే బిడ్డ దగ్గరికి వద్దాం. మార్చి 31న కాదు, మరుసటి రోజు, 01-04-2017న పుట్టిన బిడ్డ. 31-03-2023 నాటికి DATEDIF జవాబు 5 ఏళ్ల 11 నెలలు. ఫార్ములాలో లోపం లేదు. అయినా ఆ బిడ్డను కాదనకూడదు. కేంద్రీయ విద్యాలయ సంఘటన్ ప్రవేశ మార్గదర్శకాల్లోనే ఏప్రిల్ 1న పుట్టినవారిని కూడా పరిగణించాలని రాసి ఉంది.

అది దయతో ఇచ్చిన ఒకరోజు సడలింపులా కనిపిస్తుంది. దాని వెనుక ఉన్నది ఒక లెక్క. పుట్టిన రోజును కూడా ఒక పూర్తి రోజుగా కలుపుకుంటే, ఏప్రిల్ 1న మొదలైన ఏడాది మార్చి 31 అర్ధరాత్రితో ముగుస్తుంది. ఆరో ఏడూ అలాగే 31-03-2023తో నిండింది. ఏప్రిల్ 1 ఏడో ఏటికి మొదటి రోజు.

ఈ లెక్క మీద సుప్రీంకోర్టు 1986లో తీర్పు చెప్పింది. రాజస్థాన్ ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేసిన ఒక అభ్యర్థి 02-01-1956న పుట్టాడు. నియమం ప్రకారం 01-01-1984 నాటికి 28 ఏళ్ల వయసు వచ్చి ఉండకూడదు. అతని పుట్టినరోజు మర్నాడు. ఎక్సెల్‌ను అడిగితే 27 ఏళ్ల 11 నెలలు అంటుంది, అతని వాదన కూడా అదే. పుట్టిన రోజును పూర్తి రోజుగా కలపాలి, ఆ లెక్కన జనవరి 1తోనే అతనికి 28 నిండాయి అని కోర్టు నిర్ణయించింది. బడిలో బిడ్డకు మేలు చేసిన లెక్కే ఇక్కడ అభ్యర్థికి ఉద్యోగాన్ని దూరం చేసింది. కేంద్రప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణలోనూ ఇదే కనిపిస్తుంది. పుట్టిన నెల చివరి రోజున విరమించడం మామూలు. ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం ముందు నెల చివరి రోజునే విరమిస్తారు.

ఫార్ములాలో ఈ సూత్రాన్ని తేవడానికి ఒక్క అంకె చాలు:

```
=DATEDIF(B2,$D$1+1,"Y")
```

DATEDIF రెండు తేదీల మధ్య తేడాను కొలుస్తుంది, మొదటి రోజును కలపదు. గడువుకు ఒకటి కలిపితే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. ఏప్రిల్ 1 బిడ్డకు 6, రాజస్థాన్ అభ్యర్థికి 28 వస్తాయి. నెలల ఫార్ములాలో కూడా ఇదే మార్పు చేయాలి. లేకపోతే ఏళ్లు ఒక పద్ధతిలోనూ నెలలు మరో పద్ధతిలోనూ ఉండి '6 ఏళ్లు 11 నెలలు' లాంటి వింత పుడుతుంది.

అలాగని ఆ +1ను అన్నిచోట్లా అతికించకూడదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం యుక్తవయసు వచ్చేది పద్దెనిమిదో పుట్టినరోజు మొదలైన క్షణంలో, ముందు రోజున కాదు. యూపీఎస్సీ వారైతే సందేహానికే చోటివ్వలేదు. 2024 సివిల్ సర్వీసుల ప్రకటనలో ఆగస్టు 1 నాటికి 21 ఏళ్లు వచ్చి ఉండాలి, 32 ఏళ్లు వచ్చి ఉండకూడదు అని చెప్పి ఊరుకోక, అభ్యర్థి 02-08-1992 కంటే ముందు, 01-08-2003 తర్వాత పుట్టి ఉండకూడదని తేదీలే ఇచ్చారు. రాజస్థాన్ కేసు లెక్క ప్రకారం 02-08-1992న పుట్టినవారికి ఆగస్టు 1తో 32 నిండిపోయినట్టే. ఇక్కడ మాత్రం వారు అర్హులు, ఎందుకంటే ప్రకటన అలా చెప్పింది. ఇలాంటి చోట వయసును లెక్కకట్టడమే అనవసరం. పుట్టినతేదీని ఆ రెండు తేదీలతో పోలిస్తే చాలు:

```
=AND(B2>=DATE(1992,8,2),B2<=DATE(2003,8,1))
```

గడువు ఉన్న ఏ జాబితాకైనా ఇది మిగతా పద్ధతులన్నిటికన్నా గట్టిది. గీత మీద ఉన్న తేది ఏదో ఒకసారి మనిషే నిబంధన చదివి తేల్చుకుంటాడు, షీటు పోలిక మాత్రమే చేస్తుంది. ఏళ్లు, నెలల కాలమ్ అప్పుడు చదువుకోవడానికి మాత్రమే మిగులుతుంది.

ఫార్ములా ఎంత సరైనదైనా, సెల్‌లో ఉన్నది నిజంగా తేదీయేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. మనం రోజు, నెల, సంవత్సరం వరసలో రాస్తాం. కంప్యూటర్‌లో ప్రాంతం అమరిక అమెరికాదైతే అది నెలను ముందు చదువుతుంది. 31-03-2017 అని కొడితే ముప్పై ఒకటో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా ఒప్పుకోక అక్షరాలుగా ఉంచేస్తుంది. ఆ సెల్ ఎడమ అంచుకు జరుగుతుంది, వయసు దగ్గర #VALUE! వస్తుంది. అది మంచిదే, తప్పు కంటపడింది. 03-04-2017 అని కొడితే మాత్రం నోరెత్తదు. మార్చి 4గా తీసుకుని కుడి అంచున బుద్ధిగా కూర్చుంటుంది. ఏప్రిల్ 3న పుట్టిన బిడ్డకు 31-03-2023 నాటికి నిజమైన వయసు 5 ఏళ్ల 11 నెలలు, సడలింపుకు కూడా రెండు రోజులు ఇవతల. షీటు మాత్రం 6 ఏళ్లు 0 నెలలు అంటుంది, సీటు ఇచ్చేస్తారు.

అంటే కాలమ్‌లో కొన్ని #VALUE!లు కనిపించినప్పుడు వాటిని ఒక్కొక్కటిగా దిద్దుకుని ఊపిరి పీల్చుకోకూడదు. పన్నెండు దాటిన రోజులు తిరగబడితే, పన్నెండు లోపు రోజులు నిశ్శబ్దంగా తారుమారై ఉంటాయి. అసలు అనుమానించాల్సింది సరిగా కనిపిస్తున్నవాటినే. కాలమ్ ఫార్మాట్‌ను dd-mmm-yyyy చేస్తే నెల పేరు అక్షరాల్లో కనిపిస్తుంది, 04-Mar-2017 అని. జనన ధ్రువపత్రం పక్కన పెట్టుకుని చూస్తే ఒక్క చూపులో తేలుతుంది. ఒకసారి తారుమారైన తేదీని చూసి మొదట ఏం కొట్టారో షీటు చెప్పలేదు. కాబట్టి అమరిక మార్చి, మూల పత్రాల నుంచి మళ్లీ ఎక్కించుకోవడమే మార్గం.

ఖాళీ సెల్ కూడా ఒక వయసు చెబుతుంది. అందులో ఏమీ లేకపోతే ఎక్సెల్ సున్నా అనుకుంటుంది, సున్నా అంటే 1900 మొదలు. 31-03-2023 నాటికి ఆ బిడ్డ వయసు 123 ఏళ్లు. ఒకటో తరగతి జాబితాలో ఇది వెంటనే దొరికిపోతుంది. అయినా సరే, అది జాబితా సగటు వయసును పాడుచేసే లోపే IF(B2="","",...) అని ముందొక కాపలా పెట్టుకోవాలి.

పెద్దవారి జాబితాల్లో ఈ చిక్కు మరో రూపంలో వస్తుంది. పాత తరంలో చాలామందికి బడిలో చేర్చుకున్న పంతులుగారు అంచనాగా వేసిందే పుట్టినతేది. బడి ముఖం చూడనివారికి అదీ లేదు, ఏ సంవత్సరమో మాత్రమే తెలుసు. పింఛను జాబితా తయారుచేసే ఉద్యోగి తేదీ కాలమ్‌లో 1958 అని సంవత్సరం ఒక్కటే కొడతారు. ఎక్సెల్ దృష్టిలో అది సంవత్సరం కాదు, 1900 నుంచి 1958వ రోజు. అంటే 1905 మే 11. 31-03-2025 నాటికి ఆ పెద్దాయన వయసు 119 ఏళ్ల 10 నెలలని షీటు చూపిస్తుంది. 1950లో పుట్టినవారికీ 1965లో పుట్టినవారికీ అదే 119 ఏళ్లు వస్తుంది, ఎందుకంటే ఆ అంకెలన్నీ 1905 మేలోనే పడతాయి. ఒక జాబితాలో పదిమంది 119 ఏళ్ల వాళ్లు కనిపిస్తే కారణం ఇదే. ఇలాంటివారికి సంవత్సరం కోసం వేరే కాలమ్ ఉంచి, ఏళ్లను గడువు సంవత్సరానికీ దానికీ ఉన్న తేడాతో మాత్రమే చూపాలి. ఆ తేడాలో ఒక ఏడాది ఎక్కువ ఉండే అవకాశం ఉందని పక్కన రాసి, నెలల సెల్‌ను ఖాళీగా వదిలేయాలి.